ఆర్డరు క్యాన్సిల్ చేసి నేరుగా పంపండి

కిందటి ఏడాది ఒక శనివారం, బ్రాంచి తెరిచి గంటన్నర కూడా కాలేదు, హన్మకొండ నుంచి మా అక్క ఫోను చేసింది. పనివేళల్లో అక్క ఎప్పుడూ ఫోను చెయ్యదు. ఏమైనా ఒంట్లో బాగాలేదేమోనని కౌంటరు దగ్గర నుంచి లేచి పక్కకు వెళ్ళాను.

"తమ్ముడూ, ఒక మాట చెప్తాను, తిట్టకు. మీ బావకు మాత్రం చెప్పకు" అంది.

విషయం ఉయ్యాల బల్ల. అక్కావాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడే హాల్లో దూలానికి రెండు కొక్కేలు వేయించారు. టేకు బల్ల, ఇత్తడి గొలుసులు ఉన్న ఉయ్యాల ఒకటి అక్కకు ఒక ఆన్‌లైన్ అమ్మకాల యాప్‌లో కనిపించింది. ధర 18,600 రూపాయలు. మంగళవారం రాత్రి డెబిట్ కార్డుతో ఆర్డరు పెట్టింది. ఆ తరువాత గొలుసుల పొడవు ఎంతో అడుగుదామని యాప్‌లోనే అమ్మకందారుకు ఒక సందేశం పంపింది. సమాధానంగా గొలుసు ఫోటో ఒకటి వచ్చింది. ఆ ఫోటోలో బల్ల మీద ఒక కాగితం, కాగితం మీద స్కెచ్ పెన్నుతో ఫోను నంబరు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నంబరు టైపు చెయ్యకుండా కాగితం మీద రాసి ఫోటో ఎందుకు తీశాడు? చాలా యాప్‌లలో సందేశంలో పది అంకెలు వరుసగా కనిపిస్తే యంత్రమే దాన్ని ఆపేస్తుంది. కొనేవారినీ అమ్మేవారినీ బయటికి పోనివ్వకుండా పెట్టిన కంచె అది. దాన్ని దాటడానికి కొందరు అంకెల్ని అక్షరాల్లో రాస్తారు, కొందరు మధ్యలో చుక్కలు పెడతారు, కొందరు ఇలా ఫోటో పంపుతారు. అంటే ఈ పని అతనికి కొత్త కాదు. కానీ అక్కకు అది శ్రద్ధలా కనిపించింది. పాపం కొలత చూపించడానికి ఫోటో కూడా తీశాడు అనుకుంది.

ఫోను చేస్తే అటువైపు మంచి తెలుగు. "అమ్మా, మీరు ఆర్డరు పెట్టినందుకు సంతోషం. కానీ ఈ కంపెనీవాళ్ళు మా దగ్గర పదిహేను శాతం కమీషన్ లాగేస్తారు. డబ్బు కూడా మీకు సరుకు చేరి, వాపసు గడువు దాటితే గానీ ఇవ్వరు. వడ్రంగులకు వారం వారం కూలీ ఇవ్వాలి మేము. మీరు ఆ ఆర్డరు క్యాన్సిల్ చేసి నాకు నేరుగా పంపండి, పదహారు వేలకే ఇస్తాను. మీకు రెండువేల ఆరువందలు మిగులుతుంది, నాకూ నాలుగు రాళ్ళు వెంటనే వస్తాయి."

ఈ మాటల్లో అబద్ధం ఎక్కడుందో చెప్పమంటే మీరూ నేనూ కూడా చెప్పలేం. కమీషన్ తీసుకోవడం నిజం. డబ్బు ఆలస్యంగా ఇవ్వడం నిజం. కూలీలకు వారం వారం ఇవ్వాలన్నదీ నిజమే కావచ్చు. మోసగాడు అబద్ధాలు ఆడతాడని మనం పిల్లలకు చెబుతుంటాం. నేను చూసినంతలో ఈ రకం వాళ్ళు చాలావరకు నిజాలే చెబుతారు. అందుకే అతను మంచివాడా కాదా అని మాటల్ని బట్టి తేల్చుకోబోతే మనమే ఓడిపోతాం. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: డబ్బు నా చేతి నుంచి వెళ్ళిన క్షణానికీ, సరుకు నా ఇంటికి చేరిన క్షణానికీ మధ్య ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?

యాప్‌లో కట్టినప్పుడు అది అమ్మకందారు ఖాతాకు నేరుగా పోదు. పేమెంట్ అగ్రిగేటర్ అనే సంస్థ దాన్ని వసూలు చేసి, ఒక వాణిజ్య బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో ఉంచుతుంది. ఎస్క్రో అంటే కష్టమైన మాట ఏమీ కాదు. సంతలో ఎడ్లు కొనేటప్పుడు ఇద్దరూ నమ్మే పెద్దమనిషి చేతిలో డబ్బు పెట్టి, ఎద్దు ఇంటికొచ్చాక ఇప్పించినట్టు. రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ డబ్బును అమ్మకందారుకు ఎప్పుడు ఇవ్వాలో కూడా రాసింది. సరుకు చేర్చే బాధ్యత అమ్మకందారుదైతే చేరినట్టు ఖరారైన మరుసటి రోజులోగా, వాపసు గడువు దాకా ఆపాలని ఒప్పందం ఉంటే ఆ గడువు ముగిసిన మరుసటి రోజులోగా ఇవ్వాలని అందులో ఉంది. అంటే ఉయ్యాల అమ్మేవాడు "డబ్బు ఆపేస్తారమ్మా" అని ఏ విషయం మీదైతే వాపోయాడో, అక్క డబ్బుకు ఉన్న కాపలా అదే. ఆ కమీషన్‌లో కొంత భాగం ఈ కాపలా కూలీ అనుకోవచ్చు.

అక్క బుధవారం ఉదయం ఆర్డరు క్యాన్సిల్ చేసింది. అదే ఉదయం 8,000 రూపాయలు యూపీఐలో అడ్వాన్సు పంపింది. పంపేముందు తెర మీద డబ్బు అందుకునే ఖాతాదారు పేరు కనిపిస్తుంది కదా, అక్కడ దుకాణం పేరు లేదు. ఎవరో స్త్రీ పేరు ఉంది. అక్క అడిగింది కూడా. "మా చెల్లెలి ఖాతా అమ్మా, దుకాణం ఖాతాలో వేస్తే లెక్కల గొడవ" అన్నాడు. అక్క సరేననుకుంది.

ఆ పేరు గురించి కొంచెం చెప్పాలి. యూపీఐ తెర మీద కనిపించేది అవతలివాడు తనకు తానుగా పెట్టుకున్న ముద్దుపేరు కాకూడదనీ, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే కనిపించాలనీ 2025లో ఎన్‌పీసీఐ ఆదేశించింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కూడా పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటికీ చెప్పింది. ఇన్ని ఏర్పాట్లూ చేసి తెర మీద చూపిస్తున్నది ఆ ఒక్క పేరునే. మాట్లాడే మనిషి, దుకాణం, ఖాతా పేరు, ఈ మూడింటికీ పొంతన లేకపోతే పిన్ కొట్టే వేలు అక్కడే ఆగాలి. చెల్లెలి ఖాతా, అకౌంటెంటు ఖాతా, మామగారి ఖాతా అనే మాట మా కౌంటర్ల దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ చెల్లెలు చాలాసార్లు ఏ ఊళ్ళోనో నెలకు కొంత సొమ్ముకు తన పాస్‌బుక్కూ, ఏటీఎం కార్డూ, సిమ్ కార్డూ ఇంకొకడికి అద్దెకిచ్చిన మనిషి అయి ఉంటుంది. ఇలాంటివాటినే మ్యూల్ ఖాతాలు అంటున్నాం. మ్యూల్ అంటే కంచరగాడిద. ఎవరి బరువో మోసి, చివరికి దెబ్బలు తినేది అదే.

శుక్రవారం అతను లారీ రసీదు ఫోటో పంపాడు. బల్ల లోడయింది, మిగతా 8,000 వేస్తే బండి కదులుతుంది అన్నాడు. అక్క వేసింది. శనివారం ఉదయం పది నలభైకి, ట్రాన్స్‌పోర్టు ఇన్సూరెన్సు 2,400, బల్ల దింపగానే డ్రైవరు తిరిగి ఇచ్చేస్తాడు అన్నాడు. అదీ వేసింది. పదకొండు కాకముందే ఇంకో 4,500 గేట్ పాస్ కోసం అడిగాడు. అప్పుడు అక్కకు కాళ్ళు చల్లబడ్డాయి.

మొత్తం 18,400. యాప్‌లో కట్టి ఊరుకుంటే అయ్యేది 18,600. క్యాన్సిల్ చేసిన ఆర్డరు తాలూకు 18,600 మాత్రం తరువాతి వారం పైసా తగ్గకుండా అక్క ఖాతాలోకి తిరిగి వచ్చింది. ఆ కాపలా అంత నమ్మకంగా పనిచేసింది, మనమే దాన్ని పొమ్మన్నాం.

ఇదంతా విన్నాక తమ్ముడిగా, బ్యాంకు అధికారిగా నేను మొదట అన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "ఎవరిని అడిగి పంపావు?" అన్నాను. అక్క ఏడ్చింది. ఆమెను సముదాయించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే అలాంటి సమయంలో నిమిషాల విలువ నాకు తెలిసినంత అక్కకు తెలియదు. తరువాత ఒకసారి చెప్పింది, శుక్రవారం రెండో 8,000 పంపినప్పుడే మనసులో ఏదో గుచ్చుకుందట. నాకు ఫోను చేద్దామనుకుని, వీడు నాలుగు తిడతాడని మానుకుందట. బ్యాంకువాళ్ళ ఇళ్ళల్లో ఇది ఉంది. మనం తెలిసినవాళ్ళం కాబట్టే మనకు చెప్పడానికి మనవాళ్ళు భయపడతారు.

ఇక చేసిందేమిటో చెబుతాను. అక్క అతనికి మళ్ళీ ఫోను చేసి బతిమాలతానంది, వద్దన్నాను. మనకు అనుమానం వచ్చిందని తెలిస్తే ఖాతాలో మిగిలింది కూడా క్షణాల్లో లాగేస్తారు. ఇంటికి వెళ్ళి డబ్బు తెస్తున్నానని ఒక్క సందేశం పెట్టి ఊరుకోమన్నాను. వెంటనే 1930కి ఫోను చేయించాను. సైబర్ ఆర్థిక నేరాలకు దేశమంతటికీ ఒకటే నంబరు అది. వాళ్ళు అడిగినవి ఇవి: అక్క బ్యాంకు, ఖాతా నంబరు, ఒక్కో చెల్లింపు తేదీ, సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ, ఒక్కో చెల్లింపుకు ఉండే పన్నెండు అంకెల లావాదేవీ సంఖ్య. ఆ సంఖ్య యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపును తెరిస్తే కింద ఉంటుంది. దాన్నే యూటీఆర్ అని కూడా రాస్తారు. ఆ సంఖ్య లేకుండా ఫోను చేసి, వెతుక్కుంటూ కాలం పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఫోను అయ్యాక ఫిర్యాదు సంఖ్యతో సందేశం వచ్చింది. ఆ సాయంత్రమే cybercrime.gov.in లో మిగతా వివరాలు, చాట్ ఫోటోలు, లారీ రసీదు అన్నీ ఎక్కించాం. అక్క బ్యాంకు బ్రాంచికీ రాతపూర్వకంగా ఇచ్చాం.

ఆ ఫిర్యాదు నమోదు కాగానే అది పోలీసుల దగ్గరే ఆగదు. డబ్బు అందుకున్న బ్యాంకుకు అదే వ్యవస్థలో కబురు వెళుతుంది. ఆ బ్యాంకు ఖాతాలో ఆ డబ్బు ఇంకా ఉంటే దాని మీద లియన్ వేస్తుంది, అంటే కదలకుండా కట్టేస్తుంది. వేరే బ్యాంకుకు వెళ్ళిపోయి ఉంటే ఎక్కడికి వెళ్ళిందో రాస్తుంది, కబురు ఆ బ్యాంకుకు పోతుంది. అలా ఒక్కో మెట్టూ దిగుతూ వెంబడిస్తారు. అవతలివాళ్ళు కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళే. 8,000 వస్తే దాన్ని మూడు ముక్కలు చేసి మూడు ఖాతాలకు పంపి, అక్కడి నుంచి ఏటీఎంలో తీసేస్తారు. ఏటీఎం నోటుకు వెనకాల జాడ ఉండదు.

అక్క విషయంలో బుధవారం 8,000, శుక్రవారం 8,000 అలాగే పోయాయి. శనివారం పది నలభైకి వేసిన 2,400 మాత్రం ఇంకా ఆ ఖాతాలోనే ఉంది. అది చిక్కింది.

బ్రాంచికి వచ్చే ఖాతాదారులు మమ్మల్ని ఒకటే అడుగుతారు. పంపింది మీ బ్యాంకు నుంచే కదా, తిరిగి లాగెయ్యండి అంటారు. మనవాళ్ళ ఇళ్ళల్లో కూడా చాలామంది అలాగే అనుకుంటారు కనుక కాస్త వివరంగా చెబుతాను. ఎవరో మన కార్డు కాజేసి మనకు తెలియకుండా డబ్బు లాగితే అది అనధికార లావాదేవీ. దానికి రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న సర్క్యులర్ ఇచ్చింది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగినదైతే మూడు పనిదినాల్లోగా చెబితే మన మీద భారం పడదని అందులో రాసింది. కానీ అక్క చేసింది అది కాదు. తన ఫోనులో, తన పిన్ తానే కొట్టి, తానే పంపింది. మోసపోయి పంపినా బ్యాంకు దృష్టిలో అది ఖాతాదారు ఆజ్ఞ. ఆజ్ఞ ప్రకారం డబ్బు ఇంకొకరి ఖాతాలో జమ అయిపోయాక, ఆ ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప, లేదా పోలీసులో కోర్టో చెబితే తప్ప, అవతలి బ్యాంకు దాన్ని తీసి ఇవ్వలేదు. మన ఖాతాలోంచి కూడా ఎవరో చెప్పారని అలా తీసేస్తే మనం ఊరుకుంటామా?

కార్డుతో వ్యాపారికి కట్టి ఉంటే సరుకు రాలేదని చార్జ్‌బ్యాక్ అడిగే దారి ఉంది. యూపీఐలో కూడా వ్యాపారిగా నమోదైన ఐడీకి కట్టిన డబ్బు మీద సరుకు అందలేదని వివాదం నమోదు చేయవచ్చు. చెల్లెలి పేరు మీద ఉన్న మామూలు ఖాతాకు పంపిన డబ్బుకు ఆ దారి లేదు. అది వ్యవస్థ కళ్ళకు చెల్లెలికి పుట్టినరోజు కానుక పంపినట్టే కనిపిస్తుంది. ఇక యాప్ కంపెనీని అడిగితే వాళ్ళు మర్యాదగా చెప్పింది ఇది: మీ ఆర్డరు మీరే రద్దు చేశారు, మీ డబ్బు మీకు ఇచ్చేశాం, ఆ తరువాత జరిగింది మా వేదిక మీద జరగలేదు. మాకు కోపం వచ్చింది గానీ ఆ మాటలో తప్పు పట్టలేకపోయాం. అమ్మకందారు పేజీ గురించి ఫిర్యాదు మాత్రం తీసుకున్నారు. ఆ పేజీ నిజంగా ఎవరిదో, వాళ్ళు దాన్ని అద్దెకిచ్చారో, ఎవరైనా కాజేశారో మాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత రాశాక ఒక ప్రశ్న మీకే వస్తుంది. నేరుగా డబ్బు పంపడమే తప్పా అని. కాదు. నేనే ఏటా ఎండాకాలం నూజివీడు దగ్గర ఒక రైతు నుంచి రసాలు తెప్పించుకుంటాను. మధ్యలో ఏ యాప్ లేదు, ఆయన ఫోను నంబరుకే పంపుతాను, బుట్ట రాకముందే పంపుతాను. కానీ మొదటి ఏడాది బుట్ట వచ్చాక పంపాను. ఆయన తోట మా సహోద్యోగి చూశాడు, తెర మీద వచ్చే పేరు ఆయనదే. యాప్ చేసే పనిని అక్కడ ఆ పరిచయం చేస్తోంది. అక్క విషయంలో యాప్‌ను తీసేశారు, దాని చోట్లో ఇంకేమీ పెట్టలేదు. నిజంగా కమీషన్ బాధ భరించలేని చిన్న వ్యాపారి అయితే ఇంకో మాట అంటాడు: ఈసారి యాప్‌లోనే తీసుకోండి, నచ్చితే వచ్చేసారి నాకు ఫోను చెయ్యండి అని. ఇప్పటికే పెట్టిన ఆర్డరును రద్దు చెయ్యమని పట్టుపట్టడు.

ఇంతవరకూ కొనేవాళ్ళ గురించి. అమ్మేవైపు ఉన్నా ఇదే పట్టుదల ఎదురవుతుంది. దాన్ని చాలామంది ప్రమాదంగా గుర్తించరు, ఎందుకంటే అక్కడ డబ్బు మనకే వస్తుంది.

మా బ్రాంచి ఖాతాదారు ఒక యువకుడు, పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. తన పాత కెమెరాను ఒక యాప్‌లో 42,000కు అమ్మకానికి పెట్టాడు. ఆ యాప్‌లో డబ్బు యాప్ ద్వారానే కట్టే ఏర్పాటు ఉంది. కొనేవాడు ఒప్పుకోలేదు. "అందులో వేస్తే మీకు నాలుగు రోజులు పడుతుంది, నేరుగా వేస్తాను, నా ముందే చూసుకోండి" అన్నాడు. మనిషి ఇంటికి వచ్చాడు, కెమెరా పరీక్షించాడు, ఎవరికో ఫోను చేశాడు. రెండు నిమిషాల్లో 42,000 నిజంగానే జమ అయింది. దొంగ సందేశం కాదు, ఖాతా తెరిచి నిల్వ చూసుకున్నాడు కూడా. కెమెరా ఇచ్చేశాడు.

మూడు వారాల తరువాత అతని ఖాతాలో 42,000 మీద లియన్ పడింది. ఆ డబ్బు వేసింది జైపూర్‌లో ఎవరో. ఆయన ఇంకేదో యాప్‌లో పాత మోటారుసైకిలు కొంటున్నాననుకుని, అమ్మేవాడు ఇచ్చిన ఖాతా నంబరుకు నేరుగా డబ్బు పంపాడు. ఆ అమ్మేవాడు ఇచ్చింది మన ఫోటోగ్రాఫరు ఖాతా నంబరు. రెండుచోట్లా ఉన్నది ఒకే ముఠా. జైపూర్ ఆయనకు బండి లేదు, మన కుర్రాడికి కెమెరా లేదు, డబ్బు కట్టేశారు, కెమెరా మూడోవాడి చేతిలో ఉంది. యాప్ ద్వారా చెల్లింపు జరిగి ఉంటే ఈ ముడి పడేదే కాదు, ఎందుకంటే యాప్‌లో కట్టేవాడూ కొనేవాడూ ఒకే లాగిన్.

ఆ కుర్రాడు కెమెరా కొన్నప్పటి బిల్లు, చాట్, ఇంటి ముందు సీసీ కెమెరా దృశ్యం అన్నీ దర్యాప్తు అధికారికి పంపించి, తాను నిజంగా సరుకు అమ్మానని నిరూపించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పెళ్ళిళ్ళ సీజనంతా ఆ సొమ్ము అందుబాటులో లేదు. మన ఇళ్ళల్లో ఇలాంటిది జరిగితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. స్టాఫ్ ఖాతాలో, లేదా స్టాఫ్‌తో కలిసి ఉన్న జాయింటు ఖాతాలో సైబర్ ఫిర్యాదు సొమ్ము జమైందంటే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఇంట్లోవాళ్ళు ఒక్కరే కాదు.

దీన్ని ముందే పట్టుకునే చోటు కూడా మళ్ళీ ఆ పేరే. జమ అయిన సందేశంలో, లేదా స్టేట్‌మెంటులో డబ్బు వేసినవారి పేరు ఉంటుంది. మీ ముందు నిలబడ్డ మనిషి పేరు అది కాకపోతే వస్తువు ఇవ్వకండి. "మా అన్నయ్య వేశాడు" అంటే, అన్నయ్యతో ఆ ఫోనులోనే ఏమి కొంటున్నాడో, ఎంతకు కొంటున్నాడో అడగండి. ఫోటోగ్రాఫరు ఆ రోజు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే జైపూర్ ఆయన "మోటారుసైకిలు" అని ఉండేవాడు. పొంతన కుదరకపోతే డబ్బును మాత్రం అతను చెప్పిన మరో ఖాతాకు తిప్పి పంపకండి. అలా పంపితే డబ్బును దారి మళ్ళించిన మెట్టు మీరే అవుతారు. మీ బ్రాంచికి చెప్పండి, వచ్చిన ఖాతాకే తిరిగి వెళ్ళేలా చూస్తారు.

డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టమనే పాత ఎత్తు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. వ్యక్తులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేయించింది కనుక ఆ దారి కొంత మూసుకుంది. క్యూఆర్ పంపి స్కాన్ చెయ్యమనడం మాత్రం ఇంకా ఉంది.

అక్క సంగతి ముగిస్తాను. కట్టేసిన 2,400 తిరిగి ఇప్పించడానికి అప్పుడు ఉత్తర్వు కావలసి వచ్చింది. వరంగల్‌లో లోక్ అదాలత్ జరిగినప్పుడు అక్క వెళ్ళి సంతకం పెట్టి వచ్చింది. సుమారు అయిదు నెలలకు ఆ సొమ్ము ఖాతాలో పడింది. మిగతా 16,000 రాలేదు. లోక్ అదాలత్ నోటీసు ఇంటికి వచ్చిన రోజునే బావగారికి విషయం తెలిసింది. ఆయన నాకంటే మంచివాడు, ఏమీ అనలేదు.

ఉయ్యాల ఇప్పుడు ఉంది. కాజీపేటలో ఒక వడ్రంగి చేశాడు, గొలుసులు మేమే కొని ఇచ్చాం. అడ్వాన్సు మూడువేలు, మిగతాది కొక్కేలకు తగిలించి అక్క కూర్చున్నాక. ఆ షరతు పెట్టింది బావగారు.